వాచీకి ముసలితనం: బ్యాటరీ మార్చాలా, వాచీనే మార్చాలా?

స్మార్ట్ వాచీ ఎంతకాలం వస్తుందని ఎవరైనా అడిగితే మనవాళ్ళు టక్కున చెప్పే జవాబు "మూడు నాలుగేళ్ళు". ఎందుకు మూడు నాలుగేళ్ళే అంటే మాత్రం ఎవరూ చెప్పరు. స్క్రీను పోదు, ప్రాసెసర్ అరగదు, సెన్సర్లు సాధారణంగా బాగానే ఉంటాయి. లోపల తపాలా బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, ముందుగా పోయేది అదే. ఇరవై వేలు పెట్టి కొన్న వస్తువు ఆయుష్షు కొన్ని వందల రూపాయల భాగం మీద ఆధారపడి ఉందన్నమాట. మరి ఆ భాగాన్ని మార్పించుకోవచ్చు కదా? మార్పించుకోవచ్చు. కానీ ప్రతీసారీ అది తెలివైన పని కాదు. ఎప్పుడు అవునో, ఎప్పుడు కాదో తేల్చుకునే లెక్క ఒకటుంది. హన్మకొండలో ఉండే మా చిన్నాయన వాచీ పుణ్యమా అని ఈ మధ్య ఆ లెక్క మొత్తం చెయ్యాల్సొచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

వాచీ బ్రాండు పేరు చెప్పను, దానివల్ల లెక్కేమీ మారదు. ఆండ్రాయిడ్ రకం వాచీ, 340 ఎంఏహెచ్ బ్యాటరీ, 2021 దసరాకి కొన్నది, అప్పట్లో ఇరవై నాలుగు వేలు. నోటిఫికేషన్ల కోసం కొన్నది కాదు. ఆయన ఒకసారి బాత్రూంలో జారి పడ్డాక, కింద పడితే దానంతటదే ఫోన్ ద్వారా ఇంట్లోవాళ్ళకి కబురు పంపే సౌకర్యం ఉందని కొన్నది. ఆయన పొద్దున 5 గంటలకి వాచీ పెట్టుకుని భద్రకాళి బండ్ మీద నడకకి వెళ్తారు, రాత్రి 10కి తీసి చార్జింగ్‌లో పెడతారు. అంటే మనకి కావాల్సింది 17 గంటలు. కొత్తలో రాత్రి పదింటికి ఇంకా 45 శాతం మిగిలుండేది. ఇప్పుడేమో సాయంత్రం ఆరింటికి రెండో విడత నడక మొదలుపెట్టగానే ఆగిపోతోంది. ఆగిపోయిన వాచీ చేతికి ఉంటే చిన్నమ్మకి లేనిపోని ధైర్యం తప్ప ఇంకేం లాభం లేదు.

"టైటన్ గడియారానికి జేపీఎన్ రోడ్డుల నూరు రూపాయలిస్తే ఐదు నిమిషాలల్ల సెల్లు ఏసిస్తుండె. దీనికి ఇంత కథేంది రా?" అన్నారు చిన్నాయన. న్యాయమైన ప్రశ్నే. మామూలు గడియారంలో సెల్లు అంటే చార్జ్ చెయ్యనవసరం లేని బిళ్ళ. రెండేళ్ళకోసారి మారుస్తారని ముందే తెలుసు కాబట్టి వెనక మూత తెరవడానికి వీలుగానే చేస్తారు. స్మార్ట్ వాచీలో ఉండేది ఫోన్లో ఉండే లిథియం బ్యాటరీకి తమ్ముడు. జిగురుతో అతికించి, చుట్టూ నీళ్ళు పోకుండా సీలు వేసి, ఎవరూ తెరవరన్న నమ్మకంతో మూసేసినది.

అసలు ముసలిదైందా, లేక ఆకలెక్కువైందా?

మార్చడం సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది బ్యాటరీలో పట్టే చార్జ్ తగ్గిందా, లేక వాచీ తినడం ఎక్కువైందా అని. రెండింటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే, "త్వరగా దిగిపోతోంది". మందు మాత్రం వేరు. యాపిల్ వాచీలో అయితే సెట్టింగుల్లో బ్యాటరీ దగ్గరికెళితే గరిష్ఠ సామర్థ్యం ఇంత శాతమని అదే చెబుతుంది. ఆండ్రాయిడ్ రకం వాచీల్లో చాలావాటిలో ఆ అంకె పైకి కనపడదు. మనం ఎలాగూ ఇదే పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, వైర్‌లెస్ డీబగ్గింగ్ పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి అడిగితే సరిపోతుంది:

```
adb shell dumpsys battery
```

వాచీ నూరు శాతం నిండి, చార్జర్ మీంచి తీసిన పది నిమిషాలకి ఈ ఆదేశం ఇచ్చాను. పనికొచ్చే నాలుగు వరసలు ఇవి:

```
  Charge counter: 231000
  health: 2
  level: 100
  voltage: 4318
```

ఇందులో `health: 2` చూసి సంబరపడిపోకండి. ఆ 2 అంటే "బాగుంది" అనే అర్థం, కానీ ముసలితనం గురించి కాదు. బ్యాటరీ వేడెక్కిపోలేదు, వోల్టేజీ హద్దు దాటలేదు, చచ్చిపోలేదు అని చెప్పడమే దాని పని. సగం సామర్థ్యం పోయిన బ్యాటరీ కూడా హాయిగా 2 అనే చూపిస్తుంది. మనకి కావాల్సింది `Charge counter`. అది మైక్రో ఆంపియర్ అవర్లలో ఉంటుంది, వెయ్యితో భాగిస్తే 231 ఎంఏహెచ్. కొత్తలో 340. అంటే మిగిలింది 68 శాతం.

ఇక్కడో మెలిక ఉంది. కొన్ని పరికరాలు ఈ అంకెని నిజంగా కొలవవు. ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని ప్రస్తుత శాతంతో గుణించి చూపించేస్తాయి. మీ వాచీ నూరు శాతం దగ్గర సరిగ్గా డబ్బా మీది అంకే చూపిస్తే, అది అలాంటిదేనని అనుమానించాలి. `batterystats` లో కనిపించే `Capacity` కూడా ఇదే బాపతు, తయారీదారు రాసి పెట్టిన అంకె. ఎన్నేళ్ళైనా మారదు.

అందుకని ఇంకో పరీక్ష కూడా చెయ్యాలి, దీనికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. ఒక రాత్రి నూరు శాతం నింపి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఎప్పుడూ వెలిగి ఉండే డిస్‌ప్లే ఆపేసి, బల్ల మీద వదిలేయండి. ఎనిమిది గంటల్లో ఎంత దిగిందో చూడండి. కొత్తలో దిగినంతే, లేదా కాస్త ఎక్కువ దిగితే బ్యాటరీ బాగానే ఉంది, పగలు ఏదో యాప్ తినేస్తోందని అర్థం. వాచీ ఫేస్ మార్చండి, వాతావరణం యాప్ తీసేయండి, పైసా ఖర్చు లేకుండా బాగైపోతుంది. ఖాళీగా పడున్నప్పుడు కూడా కొత్తలో కంటే బాగా ఎక్కువ దిగితే అప్పుడు నింద బ్యాటరీదే.

27 శాతం దగ్గర ఎందుకు ఆగింది?

68 శాతం సామర్థ్యం ఉన్నా చిన్నాయన వాచీ రోజంతా రావాలి, లెక్క చూడండి. కొత్తలో 17 గంటలకి 55 శాతం వాడింది, అంటే 187 ఎంఏహెచ్. గంటకి 11. ఇప్పుడున్న 231ని 11తో భాగిస్తే 21 గంటలు. మనకి కావాల్సింది 17. మరి 13 గంటలకే ఎందుకు పోతోంది?

రెండు కారణాలు. ఒకటి చిన్నది. మధ్యలో ఎవరో సెకను ముల్లు కదిలే అందమైన వాచీ ఫేస్ పెట్టారు, ఒత్తిడి కొలిచే ఆప్షన్ కూడా నిరంతరం నడిచేలా ఆన్ చేశారు. వాడకం గంటకి 11 నుంచి 13కి పెరిగింది. రెండోది పెద్దది. వాచీ సున్నా దగ్గర ఆగటం లేదు, 27 శాతం దగ్గర ఆగుతోంది. 231లో 73 శాతం అంటే 169. దాన్ని 13తో భాగిస్తే సరిగ్గా 13 గంటలు. పొద్దున 5 నుంచి సాయంత్రం 6. లెక్క కుదిరింది.

27 శాతం చార్జ్ ఉండగా ఎందుకు ఆగుతుంది? బ్యాటరీ వయసైపోవడమంటే పట్టే చార్జ్ తగ్గడం ఒక్కటే కాదు, లోపలి నిరోధం పెరగడం కూడా. లిథియం బ్యాటరీలో ఋణ ధ్రువం మీద పలుచని పొర ఒకటి ఉంటుంది. ఎలక్ట్రోలైట్‌తో చర్య జరిగి ఆ పొర ఏటికేడు మందమవుతూ పోతుంది. మందమైనకొద్దీ కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది, అది సామర్థ్యం తగ్గడం. కరెంటు బయటికి రావడమూ కష్టమవుతుంది, అది నిరోధం పెరగడం. మునిసిపాలిటీ పాత నీళ్ళ గొట్టం లాంటిదనుకోండి. ఒక కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, నాలుగూ ఒకేసారి తిప్పితే ధార సన్నబడిపోతుంది. ట్యాంకులో నీళ్ళు లేక కాదు, గొట్టం పూడుకుపోయి.

చిన్నాయన వర్కౌట్ బొత్తాం నొక్కగానే జీపీఎస్, స్క్రీను, గుండె సెన్సర్ అన్నీ ఒకేసారి కరెంటు అడుగుతాయి. నేను నిమిషానికోసారి వోల్టేజీ రాసుకుంటూ చూశాను. 27 శాతం దగ్గర ఊరికే ఉన్నప్పుడు 3.62 వోల్టులు. జీపీఎస్ మొదలవగానే 3.3కి పడిపోయి, మరుక్షణం వాచీ ఆగిపోయింది. చార్జర్ మీద పెట్టగానే మళ్ళీ "24 శాతం" అంటూ లేచింది. ఈ లక్షణం గుర్తుపెట్టుకోండి: ఆగిపోయి, చార్జర్ తగలగానే ఇరవై ముప్పై శాతంతో లేచిందంటే అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, రీసెట్ చేస్తే పోయేది కాదు. బ్యాటరీ నిరోధం పెరిగిపోయింది.

మన ఎండల పాత్ర

యాపిల్ తన వాచీ బ్యాటరీలు వెయ్యి పూర్తి చార్జ్ సైకిళ్ళ తర్వాత 80 శాతం దాకా నిలుపుకునేలా తయారుచేశామని చెబుతుంది. సైకిల్ అంటే చార్జర్ మీద పెట్టిన సార్లు కాదు, మొత్తం కలిపి నూరు శాతం వాడితే ఒకటి. చిన్నాయన రోజుకి సగటున 65 శాతం వాడారనుకుంటే నాలుగేళ్ళలో దాదాపు 950 సైకిళ్ళు. ఇది వేరే కంపెనీ వాచీయే అయినా, ఆ కొలతతో చూస్తే 80 దగ్గర ఉండాలి. ఉన్నది 68. ఆ మిగతా 12 ఎటు పోయింది?

వాడకుండా కూడా బ్యాటరీ ముసలిదవుతుంది. ఆ ముసలితనానికి రెండు ఎరువులున్నాయి: వేడి, నిండా చార్జ్. బ్యాటరీల గురించి తరచూ ఉదహరించే లెక్క ప్రకారం 40 శాతం చార్జ్‌తో 25 డిగ్రీల దగ్గర ఏడాది దాచిన బ్యాటరీ 96 శాతం సామర్థ్యం నిలుపుకుంటుంది. నిండా చార్జ్ చేసి 40 డిగ్రీల్లో ఏడాది ఉంచితే మిగిలేది 65 శాతమే. ఇప్పుడు మన ఇళ్ళు గుర్తుచేసుకోండి. వరంగల్‌లో మే నెలలో పగలు 40 దాటడం మామూలే, డాబా పై అంతస్తు గది రాత్రంతా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ గదిలో గూట్లో, చార్జర్ మీద, రెండింటికే నిండిపోయి తెల్లారిందాకా నూరు శాతంతో అలాగే పడుంటుంది వాచీ. వైర్‌లెస్ చార్జింగ్ వేడి అదనం. రాత్రి పడుకునే ముందు కాకుండా స్నానానికి ముందో, భోజనం చేసేటప్పుడో గంటసేపు పెట్టి తీసేస్తే ఈ భారం చాలావరకూ తగ్గుతుంది. చార్జ్ పరిమితి ఆప్షన్ ఉన్న వాచీ అయితే అది ఆన్ చేసేయండి.

దారులు నాలుగు

మొదటిది ఉచితం. వాచీ ఫేస్ మార్చి, ఒత్తిడి కొలత ఆపి, మధ్యాహ్నం కునుకు తీసే గంట చార్జింగ్‌లో పెట్టడం. వోల్టేజీ పడిపోయే జబ్బు చార్జ్ తక్కువున్నప్పుడే ముదురుతుంది కాబట్టి సాయంత్రం నడకకి 60 శాతంతో బయల్దేరితే ఆగదు. మేము ముందు చేసింది ఇదే, ఆర్నెల్లు బాగానే నడిచింది. మీ వాచీ మరీ అవసరమైంది కాకపోతే ఇక్కడే ఆగిపోవచ్చు. కానీ నిరోధం పెరుగుతూనే ఉంటుంది. ఎండాకాలం పోయేసరికి 27 దగ్గర ఆగేది 41 దగ్గర ఆగడం మొదలైంది. పైగా మధ్యాహ్నం పెట్టడం మర్చిపోయిన రోజు సాయంత్రానికి వాచీ లేనట్టే.

రెండోది కంపెనీ అధీకృత సర్వీసు. మాకు చెప్పింది పన్నులతో కలిపి 6,800 రూపాయలు, పది రోజులు. ఖరీదే, కానీ దీనితో వచ్చేది బ్యాటరీ ఒక్కటే కాదు. కొత్త సీలు వేస్తారు, పని మీద కొన్నాళ్ళు వారంటీ ఇస్తారు. వెళ్ళేముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: బ్యాటరీ మాత్రమే మారుస్తారా, లేక వెనక భాగమో మొత్తం వాచీయో మారుస్తారా? రెండూ జరుగుతుంటాయి, మొత్తం మార్చేస్తే లోపలి డేటా పోతుంది.

మూడోది చౌరస్తాలో మొబైల్ రిపేరు షాపు. 1,800 అన్నారు, సాయంత్రానికి ఇచ్చేస్తామన్నారు. వీళ్ళని తీసిపారెయ్యను, చేతిలో పనితనం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వెనక మూతకి స్క్రూలున్న వాచీ అయితే వాళ్ళకి పని తేలికే. యాపిల్ వాచీ లాంటివి స్క్రీను వైపు నుంచి, జిగురుని వేడిచేసి లేపాలి. చెయ్యి జారితే స్క్రీనో, కింద కేబులో పోతుంది. పోతే బాధ్యత ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.

బ్యాటరీ గురించి మాత్రం రెండు జాగ్రత్తలు. మీ పాత మోడల్ బ్యాటరీ కొత్తగా తయారై ఉండకపోవచ్చు. మూడేళ్ళు గోడౌన్లో పడున్న సరుకు ఇస్తే అది పుట్టుముసలి. పెట్టేముందు మల్టీమీటర్‌తో చూపించమనండి. 3.7, 3.8 వోల్టుల ప్రాంతంలో ఉంటే మంచిది, 3 కంటే తక్కువుంటే వద్దనండి. రెండు, అదే కొలతల బ్యాటరీ మీద 340 బదులు 450 అని రాసుంటే నమ్మొద్దు. అంత చోటులో అంత పట్టదు.

అసలు సమస్య బ్యాటరీ కాదు, సీలు. 5 ఏటీఎం అంటే యాభై మీటర్ల నీటి పీడనానికి సమానమైన పరీక్ష తట్టుకుందని, అది కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు. మూత తెరిచి, పాత రబ్బరు గ్యాస్కెట్ మీదే కొత్త జిగురు పూసి మూస్తే ఆ మాట చెల్లదు. పీడనం పెట్టి పరీక్షించే యంత్రం లేని చోట సీలు సరిగ్గా కూర్చుందో లేదో షాపతనికీ తెలీదు, మనకీ తెలీదు. తెలిసేది లోపల ఆవిరి పట్టినప్పుడే. చేతులు కడుక్కుంటే ఏమీ కాకపోవచ్చు. సబ్బునీళ్ళు, వేడినీళ్ళు, షవర్ మాత్రం ఇక వద్దన్నట్టే.

నాలుగోది కొత్తది. ఇప్పుడున్న మోడళ్ళలో ఆ కింద పడితే కబురు పంపే సౌకర్యం ఉన్నది 21,000కి దొరుకుతోంది.

నెలకెంత?

ధరలు పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల లాభం లేదు. 6,800 చవకా, 21,000 ఖరీదా అన్నది ఆ డబ్బు ఎన్ని నెలలు పనిచేస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ నెలలు లెక్కేసేటప్పుడు బ్యాటరీ ఆయుష్షు చూస్తే చాలదు. బ్యాటరీ, సీలు, సాఫ్ట్‌వేర్, ఈ మూడింట్లో ముందు పోయేది ఏదో అదే వాచీ ఆయుష్షు.

చిన్నాయన వాచీకి నాలుగేళ్ళ అప్‌డేట్లు అన్నారు, అవి 2025తో అయిపోయాయి. రేపటి నుంచే పనిచెయ్యదని కాదు. కానీ ఫోన్ మారినా, ఫోన్లో ఆండ్రాయిడ్ మారినా, వాచీ యాప్ దాన్ని పలకరిస్తుందన్న హామీ లేదు. యాపిల్‌లోనూ ఇదే కథ, 2024లో వచ్చిన వాచ్‌ఓఎస్ 11 సిరీస్ 4, సిరీస్ 5 వాచీలకి రాలేదు. అందుకని బ్యాటరీ మార్చినా ఇంకో రెండేళ్ళకి మించి లెక్కేసుకోకూడదు అనుకున్నాను.

అలా చూస్తే అధీకృత సర్వీసు 6,800ని 24 నెలలతో భాగిస్తే నెలకి 283. కొత్తది 21,000ని 48 నెలలతో భాగిస్తే 437. చౌరస్తా షాపు 1,800ని, సీలు మీద నమ్మకం లేదు కాబట్టి 12 నెలలకే లెక్కేసినా 150. నా సూత్రం ఏమిటంటే, రిపేరు నెల ఖర్చు కొత్తదాని నెల ఖర్చులో సగం లోపుంటే కళ్ళు మూసుకుని రిపేరు. మూడింట రెండొంతులకి చేరితే కొత్తది. మధ్యలో ఉంటే వాచీ ఏ పనికి వాడుతున్నామో అది తేలుస్తుంది.

ఆ చివరి మాటే అసలైనది. చౌరస్తా షాపు 150 అన్నిటికంటే చవక. కానీ చిన్నాయన జారింది బాత్రూంలో. సీలు నమ్మలేని వాచీని ఆయన స్నానానికి తీసి బయట పెట్టాలి. ఏ చోట పడతారని భయపడి కొన్నామో సరిగ్గా ఆ చోట వాచీ చేతికి ఉండదు. అలాంటప్పుడు నెలకి 150 కాదు, ఉచితంగా చేసినా దండగే. అధీకృత సర్వీసు 283 అంటే కొత్తదానిలో 65 శాతం, సరిగ్గా గీత మీద. దానికి అప్‌డేట్లు లేకపోవడం, పది రోజులు చేతికి వాచీ లేకపోవడం కలిపితే కొత్తదే మేలనిపించింది. కొత్తదే కొన్నాం.

పాత వాచీని పారెయ్యలేదు. చౌరస్తాలో 1,800 పెట్టి బ్యాటరీ వేయించి మా తమ్ముడికిచ్చాం. వాడికి కావాల్సింది నోటిఫికేషన్లు, అడుగుల లెక్క, టైము. స్నానానికి తీసేస్తాడు, వాన పడితే జేబులో వేసుకుంటాడు. వాడికి నెలకి 150 అంటే అద్భుతమైన బేరం. అదే వాచీ, అదే బ్యాటరీ, ఒకరికి రిపేరు తప్పు, ఇంకొకరికి ఒప్పు.

కొనేముందు రెండు మాటలు

సేల్‌లో పాత మోడల్ సగం ధరకి వస్తోందని ఎగబడకండి. అప్‌డేట్ల గడువు చాలా కంపెనీలు లెక్కపెట్టేది మోడల్ విడుదలైన రోజు నుంచి, మనం కొన్న రోజు నుంచి కాదు. నాలుగేళ్ళ హామీ ఉన్న రెండేళ్ళ పాత మోడల్ని 9,000కి కొంటే మిగిలేది 24 నెలలు, నెలకి 375. 21,000 వాచీకి 437. సగం ధర కాస్తా పద్నాలుగు శాతం తగ్గింపై కూర్చుంది. పైగా డబ్బాలో రెండేళ్ళున్న బ్యాటరీ కొంత ముసలిదయ్యే వస్తుంది.

ఇక రెండు మూడు వేల బ్లూటూత్ కాలింగ్ వాచీల సంగతి. వీటికి బ్యాటరీ మార్పించాలన్న ఆలోచన మానుకోవచ్చు. సరైన బ్యాటరీ దొరకడమే కష్టం, దొరికినా తెరిచి మూసే కూలీతో కలిపి కొత్తదానిలో సగం అవుతుంది. వాటికి ఒక్కటే చికిత్స, రోజూ చార్జ్ పెట్టే అలవాటు చేసుకుని నడిచినన్నాళ్ళు నడపడం.

ఏ వాచీకైనా లెక్కలతో పనిలేని సందర్భం ఒకటుంది. స్క్రీను ఒక పక్క లేచినట్టున్నా, వెనక మూతకీ చట్రానికీ మధ్య సందు కనపడినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఇంక చార్జింగ్ పెట్టొద్దు, చేతికి పెట్టుకోవద్దు, నొక్కి సరిచెయ్యొద్దు. తీసిన బ్యాటరీని చెత్త బండిలో కూడా వెయ్యొద్దు, లారీలో నలిగితే అంటుకుంటుంది. సర్వీసు సెంటర్లోనో, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోటో ఇవ్వండి.

చివరగా నా గోడు. ఇదంతా ప్రకృతి ధర్మమేమీ కాదు, డిజైన్. 2025లో వచ్చిన పిక్సెల్ వాచ్ 4ని స్క్రూలు విప్పి బ్యాటరీ మార్చుకునేలా తయారుచేశారు, నీటి రక్షణ ఉండగానే. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీలు వాడేవాళ్ళే మార్చుకునేలా ఉండాలన్న నిబంధన అమల్లోకి రావాలి. తడిలో వాడే పరికరాలకి కొన్ని మినహాయింపులున్నాయి, వాచీ కంపెనీలు ఆ సందులోంచి దూరడానికి చూస్తాయి. మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అంతకంటే గట్టి చట్టం రాలేదు. జేపీఎన్ రోడ్డులో ఐదు నిమిషాల్లో అయ్యే పనిని పది రోజుల పని చేసింది మనం కాదు. కొనేటప్పుడు "దీని బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, ఎక్కడ మారుస్తారు?" అని అడగడం మాత్రం మన చేతిలో ఉంది. షాపులో ఆ ప్రశ్నకి జవాబు రాకపోతే, చెప్పిన ధరకి ఇంకో ఏడు వేలు మనసులోనే కలుపుకుని ఆలోచించండి.